కాదని చెప్పే నాలుగు వాక్యాలు

విదేశంలో ఉన్న సహోద్యోగి ఒకరు తన ఇష్టాన్ని తెలుపుతూ సందేశం పంపితే, మనసు కష్టపెట్టకుండా కాదనడానికి ఇంగ్లిష్‌లో నాలుగు చిన్న వాక్యాలు చాలు. ఆ నాలుగింటి కోసం చాలామంది పదిహేను వాక్యాలు రాసి, చెరిపి, మళ్లీ రాసి, చివరికి అవునో కాదో తేలని జవాబు ఒకటి పంపుతారు. ఇంగ్లిష్ రాక కాదు. రోజూ ఇంగ్లిష్‌లోనే మెయిళ్లు రాసేవాళ్లకూ ఇక్కడ చెయ్యి ఆగిపోతుంది. నోటితో కాదని చెప్పే పద్ధతిని రాతలోకి, తెలుగులో కాదని చెప్పే పద్ధతిని ఇంగ్లిష్‌లోకి యథాతథంగా దించబోవడం వల్ల వచ్చే చిక్కు అది.

ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఏ భాషవాళ్లయినా ‘కాదు’ అనే మాటను సాధారణంగా వెంటనే అనరు. ‘రేపు మా ఇంటికి వస్తారా?’ అని అడిగితే, వచ్చేవాళ్లు ‘ఓ, తప్పకుండా’ అని ఠక్కున అనేస్తారు. రాలేనివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, ‘అంటే... రేపా...’ అని నసుగుతారు, తర్వాత ఏదో పని ఉందంటారు. ఆ క్షణం ఆగడంలోనే అడిగినవాళ్లకు జవాబు అందిపోతుంది. కారణం వినకముందే ‘పర్లేదులెండి, ఇంకోసారి’ అనేస్తారు. ఒప్పుకోవడం చప్పున వస్తుందని, కాదనడం ఆలస్యంగా, మెత్తగా, సంజాయిషీతో కలిసి వస్తుందని సంభాషణలను టేపు చేసి విశ్లేషించిన పరిశోధకులు ఎప్పుడో చూపించారు. 1984లో వెలువడిన అనితా పోమరాంట్జ్ వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మొదట చెప్పుకోదగినది.

సందేశంలో ఆ ఆగడం కనపడదు. రాసేవాళ్లు అరగంట ఆలోచించి రాసినా, అరక్షణంలో రాసినా చదివేవాళ్ల తెరమీద వాక్యాలు ఒక్కలాగే ఉంటాయి. గొంతు తగ్గడం, చూపు తిప్పుకోవడం, ‘అంటే’ అని సాగదీయడం అన్నీ రాలిపోయి, సంజాయిషీ ఒక్కటే మిగులుతుంది. మాటల్లో అయితే సంజాయిషీ కాదనడానికి తొడిగిన తొడుగు మాత్రమే. రాతలో అదే అసలు విషయమై కూర్చుంటుంది.

ఒక మామూలు సందర్భం తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఆమె హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ చేస్తుంది. అతను అదే ప్రాజెక్టులో, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నుంచి పనిచేసే డిజైనర్. ఇద్దరిదీ ఒకే స్థాయి, ఎవరూ ఎవరికీ మేనేజర్ కాదు. ప్రతి మంగళవారం ఒక కాల్, మధ్యలో రోజూ చాట్. నవంబరులో అతను రెండు వారాలు హైదరాబాద్ వచ్చి వెళ్లాడు. టీమ్ అంతా కలిసి బిర్యానీకి వెళ్లారు, చార్మినార్ చూపించారు. జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం ఆరింటికి, అంటే ఇక్కడ రాత్రి పదిన్నరకు, అతని నుంచి సందేశం వచ్చింది: ‘ఐ లైక్ యూ ఎ లాట్. వెన్ ఐ కమ్ ఇన్ మార్చ్, కెన్ ఐ టేక్ యూ టు డిన్నర్? నాట్ యాజ్ ఎ కొలీగ్.’

ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. మర్యాదగా, ఒక్కసారి, తన మనసులో ఉన్నది దాచకుండా అడిగాడు. ఆమెకు అతనంటే గౌరవం ఉంది, ఆ రకమైన ఇష్టం మాత్రం లేదు. మార్చిలో అతను వస్తాడు, పక్క సీట్లో కూర్చుంటాడు, ఆ తర్వాత కూడా ప్రాజెక్టు ఏడాది పాటు నడుస్తుంది. కనుక ఆమెకు మూడు కావాలి: అతను తన జవాబును తప్పుగా అర్థం చేసుకోకూడదు, చిన్నబుచ్చుకోకూడదు, పని చెడకూడదు.

ఆమె మొదట రాసిన జవాబు ఇలా ఉందనుకుందాం. ‘సారీ ఫర్ ద లేట్ రిప్లై. యూ ఆర్ సచ్ ఎ నైస్ పర్సన్, బట్ ఐ యామ్ సో సారీ, ఐ యామ్ నాట్ రెడీ ఫర్ ఆల్ దిస్ రైట్ నౌ. ఆల్సో మై పేరెంట్స్ ఆర్ వెరీ ట్రెడిషనల్. ప్లీజ్ డోంట్ మిస్టేక్ మీ. వీ కెన్ ఆల్వేజ్ బీ గుడ్ ఫ్రెండ్స్. హోప్ యూ ఆర్ నాట్ హర్ట్.’ చివర నవ్వుతున్న బొమ్మ ఒకటి.

ప్రతి వాక్యంలోనూ మంచితనం ఉంది. ‘కాదు’ మాత్రం ఎక్కడా లేదు.

‘రైట్ నౌ’ దగ్గర మొదలుపెడితే, ఇది కాలాన్ని చెప్పే మాట. ఇప్పుడు సిద్ధంగా లేనంటే మరొకప్పుడు ఉంటాననే అర్థం దానంతటదే వస్తుంది. తెలుగులో ‘ఇప్పుడప్పుడే అవన్నీ ఆలోచించట్లేదండీ’ అని పెళ్లిళ్ల పేరయ్యకు చెప్తే, ఆ సంబంధం వద్దని అతనికి తెలిసిపోతుంది. ఇన్నేళ్లుగా ఆ మాట అందరూ అదే పనికి వాడుతున్నారు కనుక తెలుస్తుంది. ఉట్రెక్ట్‌లో ఉన్నవాడికి ఆ వాడుక తెలియదు. అతను మాటలనే చదువుతాడు. జనవరిలో సిద్ధంగా లేని మనిషి మార్చికల్లా సిద్ధం కావచ్చు కదా అనుకుంటే అతనిది దురాశ అనలేం.

తల్లిదండ్రుల మాట ఇంతకంటే ఇబ్బంది పెడుతుంది. ‘ఇంట్లో ఒప్పుకోరు’ అనేది తెలుగువాళ్ల మధ్య అన్నిటికంటే గౌరవంగా తలుపు మూసే మాట. అడిగినవాడిలో లోపం లేదని, కాదన్నది తను కాదని, ఇద్దరి పరువూ నిలబెడుతుంది. ఇరవైల్లోనే ఇల్లు విడిచి సొంతంగా బతికే సమాజం నుంచి వచ్చిన మనిషికి అది మూసిన తలుపులా కనపడదు, దాటాల్సిన అడ్డంకిలా కనపడుతుంది. ‘ఆమెకు ఇష్టమే, పెద్దవాళ్లే అడ్డు’ అని చదువుకుంటాడు. ‘మార్చిలో వచ్చినప్పుడు వాళ్లను కలవనా?’ అని అడిగినా అడుగుతాడు. అప్పుడు ఆమె మళ్లీ మొదటికి వచ్చి, ఈసారి రెండు విషయాలు విడదీసి చెప్పుకోవాల్సి వస్తుంది. నిజంగానే ఇష్టం ఉండి ఇంట్లో ఒప్పుకోని సందర్భం వేరు, దానికి వేరే జవాబు కావాలి. ఇష్టం లేనప్పుడు అమ్మానాన్నలను ముందుకు తోస్తే మాత్రం, లేని ఆశను తన చేతులతో తనే ఇచ్చినట్టవుతుంది.

లేని బాయ్‌ఫ్రెండ్‌ను సృష్టించడం కూడా ఇలాంటిదే. ఆ క్షణానికి పని జరుగుతుంది, కానీ ఆ అబద్ధాన్ని టీమ్ మొత్తం ముందు ఏడాది పాటు మోయాలి. పైగా కాదనే హక్కు తనది కాకుండా ఎవరో ఒక మగవాడిది అయిపోతుంది. తనకు ఇష్టం లేదన్నది దానికదే నిండు కారణం. దానికి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు.

‘ప్లీజ్ డోంట్ మిస్టేక్ మీ’ మన దేశపు ఇంగ్లిష్. ‘తప్పుగా అనుకోకండి’ అన్నంత సహజంగా మన ఆఫీసుల్లో చెల్లుతుంది, బయటివాళ్లకు సరిగా అర్థం కాదు. ‘ఆల్వేజ్ బీ గుడ్ ఫ్రెండ్స్’ ఒక వాగ్దానం. నిజంగా స్నేహం కావాలనుకుంటే తప్ప ఇవ్వకూడదు. మొహమాటానికి ఇచ్చిన ఆ మాటను పట్టుకుని అతను ఆదివారం ఫోన్ చేస్తే, ఎత్తకపోవడానికి మళ్లీ ఒక సాకు వెతకాలి.

ఇక ‘సారీ’. ఈ మొదటి రాతలో అది రెండుసార్లు ఉంది. కాదనేటప్పుడు క్షమాపణ చెప్తే ఎదుటివాళ్ల బాధ తగ్గుతుందని అందరూ నమ్ముతారు. గిలి ఫ్రీడ్‌మన్, ఆమె సహ పరిశోధకులు దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. క్షమాపణతో కలిసి వచ్చిన తిరస్కారం ఎక్కువ బాధించినట్టు తేలింది. కారణం కూడా వాళ్ల పరిశీలనలోనే కనిపిస్తుంది: ‘సారీ’ అన్నాక ‘పర్లేదు’ అనాల్సిన బాధ్యత కాదనిపించుకున్నవాళ్ల మీద పడుతుంది. మనసులో ఇంకా పర్లేదనిపించకపోయినా అనాలి. అంటే బాధపడుతున్న మనిషే, ఆ బాధ కలిగించినవాళ్లను ఓదార్చాలి. ‘హోప్ యూ ఆర్ నాట్ హర్ట్’ కూడా ఇదే పని చేస్తుంది. బాధపడలేదని అతను తిరిగి హామీ ఇస్తే తప్ప ఆ వాక్యానికి జవాబు లేదు. ఒక చిన్న ‘సారీ’ అలవాటుగా దొర్లితే కొంప మునగదు. సందేశం మొత్తం దాని మీద నిలబడితేనే ఇబ్బంది.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్ ఆమెదీ కాదు, అతనిదీ కాదు. ‘ఐ యామ్ అఫ్రైడ్ ఐ మైట్ నాట్ బీ ఏబుల్ టు’ లాంటి మెలికలు తిరిగిన మర్యాద వాక్యాల్లోని ‘కాదు’, ఆ భాషలో పుట్టిపెరిగినవాళ్ల చెవికి వినపడుతుంది. డచ్చి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన పాఠకుడు ‘మైట్’ దగ్గర ఆగి, అయితే వీలుపడవచ్చన్నమాట అనుకోగలడు. ఉన్నది ఉన్నట్టు ముఖాన చెప్పడాన్ని డచ్చివాళ్లు మోటుతనంగా కాక నిజాయితీగా చూస్తారు కూడా. అతని విషయంలో సూటి మాటే దయగల మాట.

మొదటి రాతలోంచి ఇవన్నీ తీసేశాక మిగిలేవి నాలుగు వాక్యాలు.

‘థాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ సో ఆనెస్ట్‌లీ. ఐ డోంట్ ఫీల్ దట్ వే, సో మై ఆన్సర్ ఈజ్ నో. ఐ ఎంజాయ్ వర్కింగ్ విత్ యూ, అండ్ ఐ వుడ్ లైక్ దట్ టు గో ఆన్ జస్ట్ యాజ్ బిఫోర్. సీ యూ ఆన్ ట్యూస్‌డేస్ కాల్.’

మొదటి వాక్యం అతను చేసిన పనికి దక్కాల్సిన గౌరవం. ‘ఐ యామ్ ఫ్లాటర్డ్’ అని కూడా చాలామంది రాస్తారు. అది తన సంతోషం గురించి చెప్తుంది, ‘థాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ’ అతని ధైర్యం గురించి చెప్తుంది. రెండోదే మేలు. ‘యూ ఆర్ సచ్ ఎ నైస్ పర్సన్’ అనే పొగడ్త ఇక్కడ అక్కర్లేదు. దాని వెనకాలే ‘బట్’ వస్తుందని ప్రపంచమంతటికీ తెలుసు, ఆ ‘బట్’ రాగానే పొగడ్త విలువ పోతుంది.

రెండో వాక్యం మొత్తం సందేశానికి ప్రాణం. ‘ఐ కాంట్’ అనలేదు, ‘ఐ డోంట్’ అంది. చేయలేనంటే ఎందుకు చేయలేవన్న ప్రశ్న ఉంటుంది. ఇష్టం లేదంటే ప్రశ్న లేదు. ‘ఐ డోంట్ థింక్ ఐ ఫీల్’ అని మెత్తబరచలేదు, ఎందుకంటే ఆ ‘థింక్’ తన మనసు తనకే తెలియనట్టు వినపడుతుంది. ‘నో’ అనే మాట కూడా పైకి కనపడాలి. మొహమాటం ఆ రెండక్షరాల దగ్గరే అడ్డుపడుతుంది. వాటిని తీసేసి ‘ఐ డోంట్ ఫీల్ దట్ వే’ దగ్గర ఆపినా సరిపోవచ్చు, కానీ డిన్నర్‌కు వస్తావా అన్నది అతని ప్రశ్న. ‘అలాంటి ఉద్దేశం లేకపోయినా ఊరికే డిన్నర్‌కు వెళ్దాం’ అనే సందు అప్పుడు మిగిలిపోతుంది.

మూడోది నిజమైతేనే రాయాలి. ఇక్కడ నిజమే. ‘లెట్స్ కీప్ థింగ్స్ ప్రొఫెషనల్’ అనే వాక్యం ఎక్కువమందికి అలవాటు, కానీ అది అతను హద్దు దాటాడన్న అభియోగంలా చదువుకోవడానికి వీలిస్తుంది. మర్యాదగా ఒక్కసారి అడిగినవాడికి ఆ మాట న్యాయం కాదు. నాలుగో వాక్యం అతనికి ఒక వెసులుబాటు. మంగళవారం ఎలా మొహం చూపించాలన్న బెంగ అతనికీ ఉంటుంది. ఏమీ జరగనట్టే కలుద్దామని ఆమే ముందు చెప్పేసింది. చివర బొమ్మ లేదు. నవ్వు ముఖమో దండం పెట్టే చేతులో ఉంటే, ‘నో’ ఎంత గట్టిదో కొలవడానికి అతను వాటినే చూస్తాడు.

ఎప్పుడు పంపాలన్నది కూడా జవాబులో భాగమే. రాత్రి పదిన్నరకు, అది చదివిన కంగారులో రాయకపోవడమే మంచిది. అలాగని నాలుగు రోజులు ఊరుకుంటే, చదివినట్టు గుర్తు కనపడుతూ జవాబు రాకపోతే, ఆ మౌనంలో అతను ఆశను పెంచుకుంటాడు. శనివారం ఉదయం రాసి, మధ్యాహ్నం రెండున్నరకు పంపితే అక్కడ ఉదయం పది అవుతుంది. మంగళవారం కాల్‌కు ముందు అతనికి రెండు రోజుల సెలవు దొరుకుతుంది, ఎవరికీ కనపడకుండా తేరుకోవడానికి. అతను ఏ చాట్‌లో అడిగాడో అక్కడే జవాబివ్వాలి. సొంత ఫోన్‌కు రాసినదానికి ఆఫీసు మెయిల్‌లో బదులిస్తే ఫిర్యాదుకు తొలి మెట్టులా ఉంటుంది. ఆఫీసు చాట్‌లో రాసినదానికి సొంత నంబరు నుంచి బదులిస్తే కొత్త తలుపు తెరిచినట్టవుతుంది.

‘అర్థమైంది, చెప్పినందుకు థాంక్స్’ అని అతను తిరిగి రాస్తే అక్కడితో ఆపేయాలి. ఊరుకోలేక ఓదార్పు మాటలు, పాత జోకులు పంపుతూ వారం పాటు అదనపు చనువు చూపించడం చాలామంది చేసే పని. కాదన్న బాధను అలా తీర్చుకోవాలనిపిస్తుంది, కానీ ఆ చనువే అతనికి రెండో ఆలోచనలా కనపడుతుంది. మంగళవారం కాల్‌లో మొదటిమాట పని గురించే ఉంటే, మూడో కాల్‌కల్లా ఇద్దరికీ మామూలు గొంతులు తిరిగొస్తాయి. మార్చిలో అతను వచ్చినప్పుడు టీమ్ భోజనానికి ఆమె మానేయాల్సిన పనీ లేదు.

ఇంత జాగ్రత్తా ఆమే ఎందుకు పడాలన్న ప్రశ్న న్యాయమైనదే. బ్రిటన్‌లో సీలియా కిట్సింగర్, హానా ఫ్రిత్ 1999లో ప్రచురించిన వ్యాసం దీనికి మంచి జవాబిస్తుంది. ఆడవాళ్లు గట్టిగా ‘నో’ అనకపోవడం వల్లే మగవాళ్లకు అర్థం కాదన్న వాదనను వాళ్లు ఒప్పుకోలేదు. మామూలు సంభాషణలో నసుగుడును, సాకును అందరూ తిరస్కారంగానే అర్థం చేసుకుంటారు కనుక, ఈ ఒక్క విషయంలోనే అర్థం కాలేదనడం చెల్లదన్నారు. ఆ మాట సరైనదే. డిన్నర్ విషయంలో రెండుసార్లు ‘బిజీ’ అన్న మనిషి రాదల్చుకోలేదని గ్రహించడం అడిగినవాడి బాధ్యత. ఫేస్‌బుక్, గూగుల్ సంస్థల్లో సహోద్యోగిని ఒక్కసారి మాత్రమే అలా అడగవచ్చని, ‘ఆ రోజు ఖాళీ లేదు’ లాంటి తేలని జవాబును కూడా ‘కాదు’ కిందే లెక్కిస్తారని 2018లో వార్తలు వచ్చాయి. ఆ నియమం బరువును సరైన చోట పెట్టింది. అయినా దూరం, రాత, ఇద్దరికీ పరాయిదైన భాష కలిసినప్పుడు నిజాయితీగల మనిషి కూడా పొరపడే వీలుంది. పై నాలుగు వాక్యాలు అలాంటి మనిషి కోసం.

అడిగినవాడు పైఅధికారి అయినా, ఆన్‌సైట్ అవకాశమో వీసా కాగితమో అతని చేతిలో ఉన్నా లెక్క మారుతుంది. కాదనడం ఎంత కష్టమో అడిగేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారని వనెస్సా బోన్స్, లారెన్ డివిన్సెంట్ 2019లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అధికారం కలిస్తే ఆ తేడా ఇంకా పెరగవచ్చు. అప్పుడు కూడా జవాబు అదే, కానీ ఇద్దరి సందేశాలనూ తేదీలతో దాచుకుని, నమ్మకమైన మరొకరికి ఆ రోజే చెప్పి ఉంచాలి.

సహోద్యోగి అయినా రెండోసారి అడిగితే, రెండో సందేశంలో థాంక్యూ ఉండదు. ‘ఐ హావ్ ఆల్రెడీ ఆన్సర్డ్ దిస్. ప్లీజ్ డోంట్ బ్రింగ్ ఇట్ అప్ అగెయిన్.’ అంతే, కారణం లేదు, మంగళవారం మాట లేదు. అవాంఛితమని చెప్పినా ఆగలేదనడానికి ఈ రెండు సందేశాలే రుజువు. మూడోసారి వస్తే అతనికి జవాబు రాయాల్సిన పని లేదు, రాయాల్సింది సంస్థలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలని, పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 నాటి చట్టం చెబుతోంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు, వరసగా జరుగుతుంటే చివరిదాని నుంచి మూడు నెలల్లోపు, ఆమె రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. తగిన కారణం ఉంటే కమిటీ ఆ గడువును మరో మూడు నెలల వరకూ పొడిగించగలదు.